ఆయ్, అలాగేనండి

మా గోదావరి వాళ్ళ 'ఆయ్' మీద బయటి ఊళ్ళవాళ్ళకి భలే సరదా. పెళ్ళిళ్ళలో కలిస్తే ఒకసారి అని చూపించమంటారు. అంటాం, నవ్వుకుంటారు. ఆ మాట చేసే పని మాత్రం వాళ్ళకి పూర్తిగా తెలియదు. ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదు. వింటున్నానండి అని, తమరి మాటంటే గౌరవమేనండి అని, అంతే. మా నాన్నగారి దగ్గరికి కౌలు తగ్గించమని వచ్చే రైతు కూడా, ఆయన చెప్పింది నచ్చకపోతే "కుదర్దండి, ఆయ్" అనేవాడు. కాదనడమూ, మర్యాదా ఒకే ఊపిరిలో. ఆ కౌలురైతుకి వచ్చిన విద్య నాకు యాభై ఏళ్ళు దాటినా రాలేదు. నా నోట్లో ఆయ్ అంటే ఒక్కటే అర్థం. అలాగేనండి, మీరెలా అంటే అలాగే.

మొన్న సంక్రాంతికి ముందు అటక మీది సామాను దింపుతుంటే పాత ఇత్తడి బిందెలో ఒక పుస్తకం దొరికింది. నీలం అట్ట. పైన నా దస్తూరీతోనే "పాలు, 2003". పాలవాడి లెక్కలు ముందువైపు నుంచి, రోజుకి లీటరున్నర, అర లీటరు ఎక్కువ పోయించుకున్న రోజు పక్కన చిన్న గీత. పుస్తకం తిరగేసి వెనకనుంచి తెరిస్తే పెన్సిల్‌తో ఇంకో లెక్క. అది పాల లెక్క కాదు. మసకబారింది గానీ చదవడానికి వస్తోంది. కళ్ళజోడు పెట్టుకుని అక్కడే, అటక నిచ్చెన మొదట్లో కూర్చుండిపోయాను.

"పె.వ.గారు, 9 మంది, 4 రోజులు." ఆ నాలుగుని కొట్టేసి పక్కన 7 అని ఉంది. "ఆయన ఆఫీసువాళ్ళు, 5, ఒక రాత్రి, కాఫీ మూడుసార్లు." "తణుకు పిన్నిగారు, 3, విడిగా వంట." "రవికల గుడ్డలు 22." "గ్యాస్ 8 రోజులకే అయిపోయింది." చివర్లో ఒక్క ముక్క, పెన్సిల్ కాగితంలోకి దిగిపోయేలా, "అమ్మ".

అది 2003 పుష్కరాల లెక్క. మాది నర్సాపురంలో వలంధర రేవుకి రెండు వీధుల అవతల ఇల్లు. పుష్కరాల్లో రేవు దగ్గర ఇల్లుండడం అంటే ఏమిటో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ళు గుర్తురాని చుట్టరికాలన్నీ ఆ పన్నెండు రోజుల్లో గుర్తొస్తాయి.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. నాకు ఈ గుణం వచ్చింది అక్కడి నుంచే. పుట్టిల్లు ఎంతో దూరం కాదు, ఏటి అవతలే. నర్సాపురంలో పంటు ఎక్కితే సఖినేటిపల్లిలో దిగుతాం, అక్కడి నుంచి అంతర్వేది వెళ్ళే దారిలో చిన్న ఊరు. అమ్మ ఆవకాయ చెయ్యి మంచిదని పేరు. ఎండాకాలం వచ్చిందంటే ఇరుగు పొరుగు ఆడవాళ్ళు కాయలు, కారం, నూనె తెచ్చి గుమ్మంలో దింపేవాళ్ళు, "నీ చేత్తో కలిపెయ్యమ్మా, మాకు కుదరట్లేదు" అని. అమ్మ గుమ్మంలో నిలబడి "దానికేం భాగ్యం, అలాగే" అని మొహం ఇంత చేసుకుని నవ్వేది. వాళ్ళు వీధి మలుపు తిరిగాక వంటింట్లోంచి గిన్నెల చప్పుడు మొదలయ్యేది. ఒక గిన్నె మీద ఇంకో గిన్నె, మూత మీద గరిటె. నోటితో ఒక్క మాట లేదు. మేం పిల్లలం ఆ చప్పుడుని బట్టి ఆ పూట అమ్మని ఏదీ అడక్కూడదని తెలుసుకునేవాళ్ళం. అంటే అమ్మ కాదనలేని కోపం ఊళ్ళోవాళ్ళకి పోలేదు, మాకు వచ్చింది. గుమ్మానికో మొహం, వంటింటికో మొహం ఉండాలి కాబోలని నేను అనుకున్నాను. పిల్లలు చూసిందే కదా నేర్చుకునేది.

పైగా మెప్పు ఒకటి. అట్లతద్దికి ఉయ్యాల నా వంతు వచ్చేసరికి పక్కింటి పిల్ల ఏడుస్తూంటే, నా వంతు ఇచ్చేసి దిగేదాన్ని. నాయనమ్మ అందరిముందూ "నా బంగారుతల్లి, ఏదడిగినా కాదనదు" అనేది. ఆ మాటకి ఒళ్ళంతా తీపెక్కేది. ఉయ్యాల ఊగలేదన్న దుగ్ధ రాత్రి పడుకున్నాక వచ్చేది, చీకట్లో. ఆ రెండోదాని గురించి ఎవరికీ చెప్పలేదు. మొహమాటం మీద మనవాళ్ళకో మోటు సామెత ఉంది, మీకు తెలిసే ఉంటుంది, ఇక్కడ రాయలేను. దాన్ని మగవాళ్ళు అరుగుల మీద నవ్వుతూ అంటుంటే వినేదాన్ని గానీ, అది నా గురించేనని అప్పుడు తెలియలేదు.

1991 పుష్కరాలకి నేను కొత్తగా కాపురానికి వచ్చిన కోడల్ని. అత్తగారు ఉన్నారు, తోటికోడలు ఉంది, ఇంటినిండా చేతులు. చాలామంది వచ్చారు, ఎంతమందో గుర్తులేదు. రాత్రి డాబా మీద చాపలు వేసుకుని చెప్పుకున్న కబుర్లు గుర్తున్నాయి. కాదనే ప్రశ్నే లేదప్పుడు, అడిగేది నన్ను కాదు కాబట్టి. ఒకవేళ అడిగినా, కొత్త కోడలు వద్దంటే ఆ ఇంట్లో దానికి పడే మూల్యం వేరు. అందుకని దాన్ని మొహమాటం కింద జమకట్టను.

2003 నాటికి అత్తగారు పోయారు, తోటికోడలు వేరే ఊరు వెళ్ళిపోయింది. నేను బళ్ళో టీచర్ని. ఇంట్లో రెండు గదులు, ఒక హాలు, ఒకే బాత్రూమ్. పెరట్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉండేవి, స్నానానికి తప్ప పనికిరావు. మంచినీళ్ళు పొద్దున్న మునిసిపల్ కుళాయి వచ్చిన ఆ గంటలో పట్టుకున్నవే.

జూలై మొదట్లో మా పెద్ద వదినగారు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశారు. మా ఆయనకి పెద్దక్కగారు. "అమ్మాయ్, తొమ్మిది మందిమి వద్దామనుకుంటున్నాం, నాలుగు రోజులు. నీకేమీ ఇబ్బంది లేదు కదా?" అన్నారు.

ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. ఇబ్బంది ఉంది. బళ్ళో యూనిట్ పరీక్షలున్నాయి. మా పాప చదువుంది. అన్నిటికన్నా ముందు, అమ్మకి మాటిచ్చాను, ఈసారి మనిద్దరం అంతర్వేదిలో కలిసి మునుగుదామని. ఇవన్నీ తలలోకి రావడానికి ఒక అయిదారు సెకన్లు పట్టి ఉంటుంది. నోరు అంతసేపు ఆగలేదు. "అయ్యో, ఇబ్బందేంటి వదినగారూ, మీ ఇల్లే కదా" అనేసింది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నా గొంతులో ఎక్కడో చిన్న తటపటాయింపు వినపడిందేమోనని భయం వేసి, దాన్ని కప్పెయ్యడానికి ఇంకా కలిపాను, "నాలుగు రోజులేంటండీ, పన్నెండు రోజులూ ఉండండి!" మనసులో లేదని తెలిసినప్పుడే నోరు ఎక్కువ వడ్డిస్తుంది. నిజంగా రమ్మనాలనున్నవాళ్ళని నేనెప్పుడూ అంత గట్టిగా రమ్మనలేదు.

ఆ పన్నెండు రోజులూ రాస్తే పెద్ద గ్రంథం అవుతుంది. ఒక్క పొద్దు చెప్తాను. తెల్లవారుజామున మూడున్నరకి లేచేదాన్ని. రేవుకి తొందరగా వెళ్ళి వచ్చేస్తాం అనేవాళ్ళకి కాఫీ, రేవు నుంచి వచ్చినవాళ్ళకి టిఫిన్. ఇడ్లీ పాత్రలో ఒక వాయికి పదహారు. ఆరో వాయి దిగేసరికి మొదట తిన్నవాళ్ళు మళ్ళీ కాఫీ అడిగేవాళ్ళు. పిండాలు పెట్టేవాళ్ళుంటే ఆ పూట వాళ్ళకి ఉల్లి, వెల్లుల్లి లేని వంట విడిగా. పొద్దున్న పితృదేవతలకి పిండాలు పెట్టి వచ్చి, సాయంత్రం "ఈ రోజుల్లో పులస దొరుకుతుందేమో కనుక్కోరాదూ" అని మా ఆయన్ని అడిగిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు, తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. తడిబట్టలు ఆరెయ్యడానికి తాడు చాలక పాప చదువుకునే గదిలో కూడా కట్టాం. పాప వంటింటి గుమ్మంలో పుస్తకం పెట్టుకుని చదువుకుంది, అటూ ఇటూ తిరిగేవాళ్ళ కాళ్ళ మధ్య. వెళ్ళేవాళ్ళకి బొట్టుపెట్టి రవికల గుడ్డ, అరటిపండ్లు. వాళ్ళేమో డబ్బాల్లో గోదావరి నీళ్ళు పట్టుకుని, ఆ డబ్బాల మూతలు మా ఇంట్లో వెతుక్కుని మరీ వెళ్ళేవాళ్ళు.

నాలుగో రోజు వదినగారు సంచులు సర్దలేదు. అయిదో రోజూ సర్దలేదు. నేనడగలేదు. ఆ రాత్రే మొదటిసారి పాల పుస్తకం తిరగేసి రాశాను. ఎందుకు రాశానో అప్పుడు తెలియదు. ఎవరికీ చూపించడానికి కాదు. రాసుకుంటే కొంచెం చల్లగా అనిపించింది, అంతే.

అమ్మ రోజు విడిచి రోజు వాళ్ళ వీధి చివర కొట్టు నుంచి ఫోన్ చేసేది. "ఎప్పుడొస్తున్నావే?" "రేపు కాదు, ఎల్లుండి. వదినగారు వాళ్ళు వెళ్ళగానే." ఆ ఎల్లుండి నాలుగుసార్లు మారింది. పంటు ఎక్కితే అవతల రేవు, దిగితే బస్సు. పొద్దున్న వెళ్తే మధ్యాహ్నానికి వచ్చెయ్యొచ్చు. "ఈ పూట నేనుండను, మీరు చూసుకోండి" అనే ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట నోటికి రాలేదు. పదకొండో రోజున అమ్మ పక్కింటివాళ్ళతో కలిసి అంతర్వేది వెళ్ళి మునిగి వచ్చింది. మా పెదనాన్నగారి మనవడు సైకిల్‌తో సహా పంటు దాటి వచ్చి, ఒక చిన్న మందు సీసా ఇచ్చాడు. కడిగిన సీసా, మూతకి తెల్లగుడ్డ చుట్టి ఉంది. లోపల అంతర్వేది నీళ్ళు. "నాయనమ్మ నెత్తిన జల్లుకోమంది" అన్నాడు. పెరట్లోకి వెళ్ళి జల్లుకుని, సీసా గూట్లో పెట్టి, పులిహోర తిరగమోతకి వెళ్ళిపోయాను. ఆ రాత్రే ఆ పుస్తకంలో "అమ్మ" అని రాసింది.

అమ్మ 2011లో పోయింది. మధ్యలో మళ్ళీ పుష్కరాలు లేవు.

ఇక ఆ కోపం ఏమైందో చెప్తాను, నేను రాయాలనుకున్నది అదే. కోపం వచ్చినట్టు నాకే తెలియలేదు. వదినగారి మీద నాకు కోపం ఉందా అని ఎవరైనా అడిగితే లేదనే చెప్పేదాన్ని, అదీ అబద్ధమని తెలియకుండా. కానీ పెరట్లో అంట్లు తోముకుంటూ ఆవిడతో మాట్లాడేదాన్ని. ఆవిడ హైదరాబాద్‌లో, నేను బోరు పక్కన. "మీరు తినివెళ్ళారు, నేను మా అమ్మని పోగొట్టుకున్నాను" అని మొదలుపెట్టి ఆవిడ నోరు మూయించేదాన్ని. ఆ మాటల్లో ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని. ఏటా ఆవిడకి పంపే కొత్తావకాయ సీసా ఎందుకో ఆలస్యం అయ్యేది, ఒక ఏడాది అసలు మర్చిపోయాను. ఆవిడ మనవరాలి బారసాలకి పాపకి జ్వరమని వెళ్ళలేదు. జ్వరం తొంభై తొమ్మిది. ఫోన్ వస్తే తేనె పోసినట్టు మాట్లాడి, పెట్టేశాక మా ఆయన మీద ఏదో ఒకదానికి విరుచుకుపడేదాన్ని. ఒకరోజు పాప అంది, "అమ్మా, అత్తయ్య ఫోన్ వచ్చిన రోజు మనింట్లో గిన్నెలు ఎక్కువ చప్పుడు చేస్తాయి, గమనించావా?"

గమనించలేదు. చేతిలో గరిటె పట్టుకుని నిలబడిపోయాను. మా అమ్మ వంటిల్లు చెవుల్లో వినిపించింది.

పాప తర్వాత వైజాగ్‌లో సైకాలజీ చదివింది. సెలవులకి వచ్చినప్పుడు నాకు ఒక సంగతి తేలిక మాటల్లో చెప్పింది. ఎవరైనా ఏదైనా అడగ్గానే నీకు లోపల టెన్షన్ వస్తుంది, వాళ్ళేమనుకుంటారో అని. సరే అన్న మరుక్షణం ఆ టెన్షన్ పోతుంది. తలనొప్పికి మాత్ర వేసుకున్నట్టు. హాయి వెంటనే వస్తుంది, దాని ఖర్చు మాత్రం వారానికో, నెలకో వస్తుంది. అందుకని మనసు రెండింటినీ కలిపి చూడదు, మాత్ర మంచిదనే అనుకుంటుంది. మళ్ళీ వేసుకుంటుంది. అలా వేసుకున్నన్నాళ్ళూ, కాదంటే నిజంగా ఏమవుతుందో తెలుసుకునే సందర్భమే రాదు. "అంటే నేను మంచిదాన్ని కాబట్టి కాదంటావా?" అని కొంచెం ఉడుక్కున్నాను. "మంచిదానివే అమ్మా, కానీ ఇది మంచితనం కాదు, భయం" అంది. రెండు రోజులు దానితో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పింది. 2008లో అమెరికాలో ఫ్లిన్, లేక్ అనే ఇద్దరు ఒక పరిశోధన అచ్చు వేశారట. కొంతమందిని పిలిచి, మీరు వెళ్ళి కొత్తవాళ్ళని ఒక చిన్న సాయం అడగాలి, కావలసినంతమంది ఒప్పుకోవడానికి ఎంతమందిని అడగాల్సి వస్తుందో ముందే అంచనా వెయ్యండి అన్నారు. తీరా అడిగితే, వాళ్ళు అనుకున్నదానిలో ఇంచుమించు సగం మందిని అడిగేసరికే పనైపోయింది. అడిగేవాడు తన పని ఎంత పెద్దదా అని చూసుకుంటాడట. ఎదుటివాడికి మొహం మీద లేదనడం ఎంత కష్టమో అతని లెక్కలోకి రాదట. ఇది వినగానే నాకు వదినగారి "ఇబ్బంది లేదు కదా?" గుర్తొచ్చింది. ఆవిడ దాన్ని నిజంగా ప్రశ్నలాగే అడిగి ఉంటుందా అని మొదటిసారి అనుమానం వచ్చింది. వచ్చింది గానీ, దాన్ని పక్కన పెట్టేశాను. అన్నేళ్ళ కోపం ఊరికే ఎవరు వదులుకుంటారు?

2015 జూన్‌లో ఫోన్ వచ్చింది. "అమ్మాయ్, ఈసారి పద్నాలుగు మందిమి." నోరు యథాప్రకారం "ఆయ్, అలాగే వదినగారూ" అంది. ఫోన్ పెట్టేశాక చేతులు వణికాయి. రెండు రోజులు నిద్రలేదు. పాప ఫోన్‌లో "కుదరదని చెప్పెయ్యమ్మా" అంది. చెప్తాను అన్నాను. చెప్పడానికి ఫోన్ చేసి, సాకులు చెప్పాను.

బోరు పాడైంది వదినగారూ అన్నాను. "ట్యాంకర్ తెప్పిద్దాం, డబ్బులు మేమిస్తాం" అన్నారు. పరుపులు చాలవేమో అన్నాను. "చాపలూ దుప్పట్లూ మేమే తెస్తాం." మోకాళ్ళ నొప్పులండీ అన్నాను, అది నిజమే. "అయ్యో, నువ్వు వంటింట్లోకే రావద్దు, వంటమనిషిని మాట్లాడదాం." ఆవిడ ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ వస్తున్నారు, పాపం ఎంతో ప్రేమగా. సాకుతో ఇదే చిక్కు. అసలు కారణం అది కాదు కాబట్టి, దాన్ని తీర్చేస్తే నీ చేతిలో ఇంకేమీ మిగలదు. మూడు సాకులూ అయిపోయాక నా గొంతులోంచి ఎవరిదో కేక వచ్చింది. "మీ వల్ల మా అమ్మతో మునగలేకపోయాను! మీరు ఏడు రోజులు కూర్చున్నారు, మా అమ్మ ఏటవతల కూర్చుంది!" ఇంకా చాలా అన్నాను. ఇడ్లీలు లెక్క చెప్పాను. ఆఫీసువాళ్ళు తాగిన కాఫీలు కూడా ఆవిడ ఖాతాలోనే వేశాను. సున్నితంగా ఒక్క "కుదరదండి" అనాల్సిన చోట, పన్నెండేళ్ళ అసలూ వడ్డీ ఒకేసారి వసూలు చేశాను.

అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత వదినగారు మెల్లిగా అన్నారు, "నాలుగు రోజులకే టికెట్లు తీశాం అమ్మాయ్. నువ్వేమో పన్నెండు రోజులూ ఉండమన్నావు. నాలుగుకే వెళ్తే నీ మర్యాద నచ్చలేదనుకుంటావేమోనని టికెట్లు మార్పించుకున్నాం. మీ అన్నయ్యగారికి రేవు పక్కన సత్రంలో గది కూడా దొరికింది. నువ్వు బాధపడతావని నేనే వద్దన్నాను." కాసేపాగి, "మీ అమ్మగారి సంగతి ఒక్క మాట చెప్పుంటే నేనే పంటు ఎక్కించి పంపేదాన్ని కదే" అన్నారు.

పంపేవారు. ఆవిడ అలాంటి మనిషే. అదే నాకు మింగుడుపడలేదు. ఆవిడ చెడ్డదైతే నా లెక్క సరిపోయేది. నేను పెన్సిల్‌తో రాసుకున్న అప్పు ఆవిడకి తెలియను కూడా తెలియదు. నాకేమో ఆవిడ పన్నెండేళ్ళుగా ఎగ్గొడుతున్నట్టు ఉండేది.

దీని తర్వాత అందరం కలిసిపోయాం అని రాస్తే బాగుంటుంది గానీ అలా జరగలేదు. వాళ్ళు పుష్కరాలకి వచ్చారు, వేరేచోట దిగారు. ఒక పూట మా ఇంట్లో భోజనం చేశారు. రెండోసారి పెరుగు వడ్డించబోతే వదినగారు చెయ్యి అడ్డం పెట్టారు. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తారు, కులాసాగా మాట్లాడతారు. కానీ నన్ను "అమ్మాయ్" అనడం మానేశారు, పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆ నష్టం నాదే. నేనూ పాపా ఒకరోజు పొద్దున్న పంటు దాటి అంతర్వేది వెళ్ళి మునిగి వచ్చాం.

ఆ తర్వాత నుంచి పాప పెట్టిన పద్ధతి ఒకటే. ఎవరేమడిగినా అక్కడికక్కడ జవాబు చెప్పకూడదు. "సాయంత్రం చెప్తానండి" అనాలి. నోటికీ బుర్రకీ మధ్య ఆ అయిదారు సెకన్లు కాకుండా ఒక పూట గడువు ఇచ్చినట్టు. రెండోది, కారణం చెప్పకూడదు, సాకు అసలే చెప్పకూడదు. మొదట పక్క వాటాలో ఆవిడ మీద చేసి చూశాను. ప్రతి శనివారం మా గ్రైండర్ పట్టుకెళ్ళి, కడక్కుండా ఇచ్చేది. "ఈ వారం నుంచి ఇవ్వలేనండి" అన్నాను. ఆవిడ "సరేలెండి" అని వెళ్ళిపోయింది. తలుపు వేసి గడియారం చూశాను. గుండె దడ, చెవులు వేడెక్కడం, వెనక్కి పిలిచి ఇచ్చేద్దామా అన్న పీకులాట, అన్నీ కలిపి నలభై నిమిషాలు. తర్వాత తగ్గిపోయింది. ఇంకోసారి ఇంకొకరికి కాదన్నప్పుడు పావుగంట. ఈ దడ దానంతటదే తగ్గుతుందని నాకు యాభై ఏళ్ళలో తెలియలేదు, తగ్గేదాకా ఎప్పుడూ ఆగలేదు కనక. గ్రైండరావిడ మాత్రం నెలరోజులు నావైపు చూడలేదు. చూడకపోతే పోనీ అనుకోవడానికి నాకు ఇంకో నెల పట్టింది.

అన్నిటికీ కాదనడం మొదలుపెట్టానని అనుకోకండి. మా తమ్ముడు పిల్లలతో వచ్చి పది రోజులున్నా నేను ఏ పుస్తకం వెనకా రాసుకోలేదు. తేడా నాకు అక్కడే తెలుస్తోంది. రాసుకోవాలనిపిస్తే, ఆ సరే నాది కాదన్నమాట.

ఆ పాల పుస్తకం దగ్గరికి మళ్ళీ వస్తాను. నిచ్చెన మొదట్లో కూర్చుని రెండోసారి మొదటినుంచీ చదివాను. అందరి పేర్లూ ఉన్నాయి. గ్యాస్ ఉంది, రవికల గుడ్డలు ఉన్నాయి, పగిలిన గాజుగ్లాసులు మూడు ఉన్నాయి. మా పనిమనిషి లక్ష్మి పేరు లేదు. ఆ పన్నెండు రోజులూ ఆ అంట్లు తోమింది ఎవరు? రోజుకి ఒకపూట వచ్చే మనిషి, నేను "రెండు పూటలా రావే ఈ పన్నెండ్రోజులూ" అంటే, "ఆయ్, వత్తానండి" అని వచ్చింది. ఎప్పుడైనా కాదందా, గుర్తులేదు. వాళ్ళది ఏటిగట్టు మీద పేట. పుష్కరాలకి వాళ్ళింటికీ చుట్టాలు వచ్చే ఉంటారు. తను మునిగిందో లేదో కూడా నేనడగలేదు. నెలాఖరుకి చీర పెట్టాను, దానితో సరిపోయిందనుకున్నాను.

లక్ష్మి ఇప్పటికీ మా ఇంట్లోనే చేస్తోంది. మోకాళ్ళు దానికీ నొప్పులే. ఆ మధ్యాహ్నం అంట్లు తోముతుంటే వెళ్ళి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. "ఏమే, ఆ 2003 పుష్కరాలప్పుడు నీకు కష్టం అయిందా?" అన్నాను.

"ఎప్పటి మాటండీ" అని నవ్వింది.

"అదికాదే, నిజం చెప్పు."

"అదేం లేదండీ" అంది, గిన్నె బోర్లిస్తూ. గట్టిగా బోర్లించిందా, మామూలుగానేనా అని చెవులు రిక్కించి విన్నాను. తెలియలేదు.

2027లో మళ్ళీ పుష్కరాలు. ఇప్పటినుంచే ఒకరిద్దరు ఫోన్లు చేస్తున్నారు, సాయంత్రం చెప్తానంటున్నాను. లక్ష్మితో కూడా ఆ మాట ఎత్తాను. "అప్పుడు చుట్టాలు వస్తే ఎవరైనా కుర్రదాన్ని పెట్టుకుంటానే. నువ్వు రావాలని లేదు. నీకు వీలైతేనే, ఇష్టమైతేనే రా. కుదరకపోతే కుదరదని చెప్పు, నేనేమీ అనుకోను. విడిగా డబ్బులిస్తాను" అని ఇంత పొడుగున చెప్పాను.

అది చేతులు కొంగుకి తుడుచుకుని, గుమ్మం వైపు నడుస్తూ అంది.

"ఆయ్. వత్తానండి."